ఆర్గానిక్ కాటన్, రీసైకిల్డ్ పాలిస్టర్, లినెన్: ఆఫీసు షర్టు కొనేముందు లెక్క వేసుకోవడం ఎలా?

"ఈ మూడింట్లో ఏది తీసుకుంటే నీళ్లు తక్కువ ఖర్చవుతాయి, ఏది ఎక్కువ కాలం వస్తుంది?" పాఠకులు తరచూ అడిగే ప్రశ్న ఇది. ట్యాగు మీద ఉన్న ఒక్క అంకె చూసి జవాబు చెప్పేయడం తేలికే గాని, ఆ జవాబు చాలాసార్లు తప్పవుతుంది. పొలంలో తాగిన నీళ్లు వేరు, అద్దకంలో పోయిన నీళ్లు వేరు, మీ ఇంటి వాషింగ్ మెషీన్ తాగే నీళ్లు వేరు. పైగా ఆ షర్టును మీరు ఎన్నిసార్లు తొడుక్కుంటారో తెలియకుండా ఏ లెక్కా తేలదు.

అందుకని ఇక్కడ ఒకే ఒక్క వస్తువును తీసుకుందాం. వారానికి ఒకటి రెండుసార్లు ఆఫీసుకు వేసుకునే ఫుల్ హ్యాండ్స్ షర్టు, బరువు సుమారు 200 గ్రాములు. ఇదే పద్ధతి కుర్తీకీ, చుడీదార్ టాపుకీ పనికొస్తుంది. చీరకు మాత్రం ఇలాగే వర్తించదు, ఎందుకంటే చీర ఉతుకులకు అరిగిపోవడం కంటే బీరువాలో ఉండి పాతబడటమే ఎక్కువ.

కావలసినవి

- మీరు వాడి పక్కన పడేసిన పాత షర్టులు రెండు మూడు
- వంటింటి త్రాసు (లేకపోతే 200 గ్రాములు అనుకోండి)
- మీ బకెట్ ఎన్ని లీటర్లదో, మీ మెషీన్ ఒక ఉతుక్కి ఎన్ని లీటర్లు తీసుకుంటుందో
- కొనబోయే షర్టు లోపలి లేబుల్ ఫొటో
- చిన్న గుడ్డ ముక్క (బిట్ కొని కుట్టించుకునేవాళ్లకు తేలిక, రెడీమేడ్ అయితే లోపలి కుట్టు అంచున రెండు పోగులు చాలు)
- చుక్క నీళ్లు, అగ్గిపెట్టె, పట్టకారు, స్టీలు ప్లేటు

1. ముందు పాత షర్టుల్ని పరీక్ష చేయండి

కొత్త బట్ట గురించి చదవడానికి ముందు మీ చేతిలో షర్టులు ఎలా చస్తున్నాయో తెలియాలి. పాత షర్టును వెలుతురులో పరిచి నాలుగు చోట్ల చూడండి: కాలర్ మడత, కఫ్ అంచు, చంక, మోచేయి.

కాలర్ మడత దగ్గర పోగులు తెల్లగా తేలి, చీలిక మొదలైతే అది రాపిడి. గడ్డం కింది రాపిడి, గట్టిగా నొక్కి చేసిన ఇస్త్రీ, రెండూ కారణమే. చంకలో పసుపు మరక గట్టిపడి ఉంటే చెమట, డియోడరెంట్ కలిసి చేసిన పని. అక్కడ బట్ట బాగానే ఉన్నా మీరు వేసుకోవడం మానేశారు. కుట్టు దగ్గర పోగులు జరిగిపోయి సందు కనిపిస్తే షర్టు బిగుతుగా ఉందని గాని, కుట్టు వదులుగా ఉందని గాని అర్థం. అన్నీ బాగానే ఉండి కేవలం వాసన వదలక, ఉండలు లేచి పక్కన పెట్టారా? అది కూడా రాసుకోండి.

ఇప్పుడు ఒక్కో షర్టును ఎన్నిసార్లు తొడుక్కున్నారో అంచనా వేయండి. నెలకు ఎన్నిసార్లు, ఎన్ని నెలలు అన్నది చాలు. నెలకు 4 సార్లు చొప్పున 20 నెలలు అంటే 80. ఈ అంకె కచ్చితంగా ఉండక్కర్లేదు. 30కీ 80కీ తేడా తెలిస్తే సరిపోతుంది. లెక్క మొత్తం దీని మీదే నిలబడుతుంది కాబట్టి ఈ మెట్టు దాటేయకండి.

2. లేబుల్ చదవండి, చెప్పని దాన్ని గమనించండి

ఆర్గానిక్ కాటన్ అయితే గ్లోబల్ ఆర్గానిక్ టెక్స్‌టైల్ స్టాండర్డ్, అంటే జీఓటీఎస్ ముద్ర చూడండి. అందులో రెండు స్థాయిలున్నాయి. "ఆర్గానిక్" అని ఉంటే కనీసం 95 శాతం ఆర్గానిక్ నూలు. "మేడ్ విత్ ఆర్గానిక్" అని ఉంటే 70 శాతం చాలు. ముద్ర పక్కన ధ్రువీకరించిన సంస్థ పేరు, లైసెన్స్ నంబరు ఉండాలి. ఆ నంబరును జీఓటీఎస్ వెబ్‌సైటులో వెతికి చూడొచ్చు. ఆకు బొమ్మ వేసి "నేచురల్", "ఎకో" అని మాత్రమే రాసి ఉంటే దాన్ని మామూలు కాటన్ కిందే లెక్కకట్టండి.

రీసైకిల్డ్ పాలిస్టర్ అయితే గ్లోబల్ రీసైకిల్డ్ స్టాండర్డ్, అంటే జీఆర్ఎస్ ముద్ర ఉంటుంది. ఈ లోగో వస్తువు మీద వేయాలంటే అందులో కనీసం 50 శాతం రీసైకిల్డ్ సరుకు ఉండాలి. అంటే మిగతా సగం కొత్త పాలిస్టర్ అయినా లోగో ఉండొచ్చు. శాతం అంకె ఎక్కడ రాశారో వెతకండి.

లినెన్ దగ్గరే మోసపోవడం ఎక్కువ. "లినెన్ ఫీల్", "లినెన్ లుక్", "స్లబ్" అన్న మాటలకు లినెన్‌తో సంబంధం ఉండాల్సిన పని లేదు. గరుకు పోగులు కనిపించేలా నేసిన రేయాన్‌నో, పాలిస్టర్‌నో అలా అమ్ముతారు. లోపలి లేబుల్ మీద లినెన్ లేదా ఫ్లాక్స్ ఎంత శాతమో రాసి ఉంటేనే నమ్మండి. మన దగ్గర అవిసె గింజల కోసం పండించే మొక్క, నార కోసం పండించే మొక్క ఒకే జాతివి. అయితే మిల్లు లినెన్‌కు కావలసిన పొడవాటి నార ప్రధానంగా ఫ్రాన్స్, బెల్జియం ప్రాంతాల నుంచి వస్తుంది. షర్టు మీద "మేడ్ ఇన్ ఇండియా" అని ఉన్నా నార అక్కడిదే అయ్యే అవకాశం ఎక్కువ.

3. నీటి చుక్క, అగ్గిపుల్ల పరీక్షలు

గుడ్డ మీద ఒక చుక్క నీళ్లు వేయండి. లినెన్, కాటన్ అయితే గబుక్కున పీల్చుకుని మచ్చ పరుచుకుంటుంది. మామూలు పాలిస్టర్ అయితే చుక్క కాసేపు అలాగే నిలబడుతుంది. కొత్త బట్టకు ఫినిషింగ్ మందు ఉంటే కాటన్ మీద కూడా చుక్క నిలుస్తుంది కాబట్టి, ముక్కను ఒకసారి ఉతికి ఆరాక చూడటం మంచిది.

తర్వాత రెండు పోగులు లాగి పట్టకారుతో పట్టుకుని, సింకు దగ్గర స్టీలు ప్లేటు మీద అంటించండి. కాటన్, లినెన్ కాగితం కాలిన వాసనతో కాలి, వేలితో నలిపితే పొడి అయ్యే మెత్తటి బూడిద మిగులుస్తాయి. పాలిస్టర్ ముడుచుకుని కరిగి, చివర గట్టి నల్ల ముద్ద కడుతుంది. ఆ ముద్ద చల్లారేదాకా ముట్టుకోకండి, కరిగిన పాలిస్టర్ చర్మానికి అంటుకుంటే తీవ్రంగా కాలుతుంది. పిల్లలు దగ్గర లేనప్పుడు చేయండి. షర్టు మీద నేరుగా ఎప్పుడూ చేయకండి.

కాటన్, లినెన్ తేడా తెలియాలంటే ఒక పోగు పేట విప్పి చూడండి. కాటన్ నార పొట్టిగా, దూదిలా విడిపోతుంది. లినెన్ నార పొడవుగా, కాస్త బిరుసుగా, మెరుస్తూ ఉంటుంది.

ఈ పరీక్షలు చెప్పలేనివీ ఉన్నాయి. ఆర్గానిక్ కాటన్, మామూలు కాటన్ ఒకేలా కాలతాయి. రీసైకిల్డ్ పాలిస్టర్, కొత్త పాలిస్టర్ ఒకేలా కరుగుతాయి. "కాల్చి చూపిస్తా, ఒరిజినల్ ఆర్గానిక్" అనే అమ్మకందారును నమ్మొద్దు. అక్కడ కాగితమే ఆధారం.

4. పుట్టుక నీళ్లు రాసుకోండి

ఇక్కడ పాటించాల్సిన నియమం ఒక్కటే: వాన నీళ్లు వేరు, సాగునీళ్లు వేరు. పొలంలో పడి మొక్క పీల్చుకున్న వానను బోరు నీళ్లతో కలిపి చెబితే అంకె భయపెడుతుంది గాని ఏమీ తేల్చదు. "ఒక్క టీషర్టుకు 2,700 లీటర్లు" అన్న ప్రసిద్ధ అంకెలో వాన కూడా కలిసే ఉంది.

సాగునీటి వరకు చూస్తే, 2014లో టెక్స్‌టైల్ ఎక్స్ఛేంజ్ అనే సంస్థ ఆర్గానిక్ పత్తి మీద చేయించిన అధ్యయనం కిలో దూదికి 182 లీటర్లని చెప్పింది. దాన్ని పోల్చింది మామూలు పత్తి సగటు 2,120 లీటర్లతో. "91 శాతం నీళ్లు ఆదా" అని ట్యాగుల మీద కనిపించేది ఇక్కడి నుంచి వచ్చిందే. కాకపోతే ఆ రెండు అంకెలూ వేర్వేరు ప్రాంతాలవి. ఆర్గానిక్ అంకెలో వర్షాధార పొలాలు ఎక్కువ, మామూలు పత్తి అంకెలో నీటి తడులు పెట్టే పొలాలు ఎక్కువ. ఆదిలాబాద్ నల్లరేగడిలో వాన మీద పండే పత్తి ఆర్గానిక్ అయినా కాకపోయినా దానికి సాగునీళ్లు పెద్దగా పట్టవు. బోరు కింద పండించిన పత్తి ఆర్గానిక్ అయినంత మాత్రాన నీళ్లు తక్కువ తాగదు. ఆర్గానిక్ సాగులో దిగుబడి తగ్గితే కిలోకు పడే నీళ్లు పెరగొచ్చు కూడా. రసాయన పురుగుమందు లేకపోవడం ఆర్గానిక్‌కు గట్టి కారణం, అందులో సందేహం లేదు. నీళ్ల సంగతి మాత్రం పొలాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి అమ్మేవారిని అడగాల్సిన ప్రశ్న "ఆర్గానికేనా?" అని మాత్రమే కాదు, "పత్తి ఎక్కడిది, వర్షాధారమా?" అని కూడా. జవాబు రాకపోతే ఎక్కువ అంకె వేసుకోండి.

లినెన్ నార పండే ఉత్తర ఫ్రాన్స్, బెల్జియంలలో పంట ప్రధానంగా వాన మీదే వస్తుంది. కోసిన మొక్కల్ని పొలంలోనే పరిచి మంచుకూ వానకూ నానబెట్టి నార తీస్తారు. సాగునీళ్లు దాదాపు సున్నా వేసుకోవచ్చు. రీసైకిల్డ్ పాలిస్టర్‌కు పొలమే లేదు. ఎక్కువగా తాగి పారేసిన నీళ్ల సీసాల్ని కడిగి, ముక్కలు చేసి, కరిగించి దారం తీస్తారు. కడగడానికి పట్టే నీళ్లు ఈ లెక్కలో చాలా చిన్న అంకె. దీనికీ సున్నా వేద్దాం.

అద్దకం మూడింటికీ ఉంది. మిల్లును బట్టి బాగా మారుతుంది కాబట్టి కిలో బట్టకు 100 లీటర్లని మూడింటికీ సమానంగా వేసుకోండి. ఇది అంచనా మాత్రమే. తిరుప్పూరు అద్దకం యూనిట్ల మాదిరిగా వాడిన నీళ్లను శుద్ధి చేసి మళ్లీ వాడుకునే చోట ఇంకా తగ్గుతుంది. రంగు వేయని, నూలు సహజ రంగులో ఉన్న బట్ట కొంటే ఈ ఖర్చు చాలా వరకు తప్పుతుంది.

5. ఉతుకు నీళ్లు కొలవండి

మెషీన్ ఒక ఉతుక్కి 100 లీటర్లు తీసుకుంటే, అందులో మీరు 4 కిలోల బట్టలు వేస్తే, కిలోకు 25 లీటర్లు. 200 గ్రాముల షర్టు వాటా 5 లీటర్లు. మాన్యువల్ పోయిందా? డ్రెయిన్ పైపును బకెట్లోకి పెట్టి ఎన్ని బకెట్లు నిండాయో లెక్కపెట్టండి. నీళ్లు వేగంగా వస్తాయి, ఇంకొకరు పక్కన ఉండాలి. చేత్తో ఉతికేవాళ్లు నాలుగు షర్టులకు 20 లీటర్ల బకెట్లు మూడు వాడితే షర్టుకు 15 లీటర్లు పడినట్టు. అంటే చేతి ఉతుకు ఎప్పుడూ పొదుపే అనుకోవడం తప్పు. జాడింపు నీళ్లు ఎంత అన్నదే ప్రశ్న.

6. రెండు గడులుగా లెక్క వేయండి

పుట్టుక నీళ్లను, ఉతుకు నీళ్లను కలిపి ఒకే మొత్తం చేయకండి. పొలానికి పెట్టిన నీళ్లలో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది, ఇంటి నీళ్లు డ్రెయిన్‌లోకి వెళ్తాయి. రెండింటినీ విడిగా, పుట్టుక నీళ్లు మొదటి గడిలో, ఉతుకు నీళ్లు రెండో గడిలో, "ఒకసారి తొడుక్కున్నందుకు ఎన్ని లీటర్లు" అన్న కొలతలో రాయండి.

విజయవాడలో ఆఫీసుకు వెళ్లే ఒకాయన మెషీన్‌లో ఉతుకుతాడనుకుందాం. 200 గ్రాముల షర్టుకు తరుగు, కత్తిరింపు కలిపి 300 గ్రాముల దూది, 250 గ్రాముల బట్ట పడుతుందని లెక్క.

వర్షాధార ఆర్గానిక్ కాటన్: పొలం నీళ్లు 55 లీటర్లు, అద్దకం 25, మొత్తం 80. అతను 80 సార్లు వేసుకుంటే ఒక్కోసారికి 1 లీటరు. ప్రతిసారీ ఉతుకుతాడు కాబట్టి ఉతుకు 5 లీటర్లు.

నీటి తడుల పత్తి (ఆర్గానిక్ అయినా సరే): పొలం నీళ్లు దాదాపు 640, అద్దకం 25, మొత్తం 665. 80 సార్లకు 8 లీటర్ల పైచిలుకు. ఉతుకు అదే 5.

లినెన్: అద్దకం 25 మాత్రమే. 100 సార్లు వేసుకుంటే పావు లీటరు. గాలి ఆడుతుంది, చెమట పీలుస్తుంది కాబట్టి రెండుసార్లకు ఒకసారి ఉతికితే ఉతుకు రెండున్నర లీటర్లు.

రీసైకిల్డ్ పాలిస్టర్: అద్దకం 25. 150 సార్లు వేసుకుంటే లీటరులో ఆరో వంతు. ఉతుకు 5.

ఇప్పుడు ఆయుష్షు మార్చి చూడండి. నీటి తడుల పత్తి షర్టు 40 సార్లకే పోతే మొదటి గడి 8 నుంచి దాదాపు 17కు పెరుగుతుంది. 160 సార్లు వస్తే 4కు తగ్గుతుంది. అదే పాలిస్టర్ షర్టు 150 బదులు 30 సార్లకే మూలన పడితే మొదటి గడి ఒక లీటరు కూడా దాటదు. కాటన్‌కు నీళ్ల లెక్క తగ్గాలంటే ఎక్కువ కాలం వాడాలి. పాలిస్టర్, లినెన్‌లకు మీ ఉతుకు అలవాటే లెక్క. పాలిస్టర్‌కు నీళ్లు తక్కువని సంబరపడే ముందు ఇంకోటి: ఉతికిన ప్రతిసారీ సన్నని ప్లాస్టిక్ నూగు కాలువలోకి పోతుంది. ఆ నష్టం లీటర్లలో కనిపించదు.

7. మన్నిక చూడండి, మీ షర్టు చచ్చే చోట

మొదటి మెట్టులో రాసుకున్నది ఇప్పుడు బయటికి తీయండి.

మీ షర్టులు కాలర్ మడత దగ్గర పోతుంటే లినెన్ విషయంలో జాగ్రత్త. లినెన్ నార బలమైనదే, తడిస్తే ఇంకా బలపడుతుంది. కాని సాగదు. ఒకే గీత మీద పదేపదే మడిచి నొక్కితే అక్కడ నార విరుగుతుంది. గంజి పెట్టి, కాలర్‌నూ చేతి మడతనూ కత్తిలా నిలబెట్టే ఇస్త్రీ మనవాళ్లకు ఇష్టం. తెల్ల లినెన్ షర్టుల ప్రాణం తీసేది అదే. గంజి మానేసి, కొంచెం తడిగా ఉన్నప్పుడే ఇస్త్రీ చేయించండి. చేతుల మీద గీత రాకుండా చేయమని ఇస్త్రీ అతనికి చెప్పండి. మడతపెట్టి దొంతర వేయడం కంటే హ్యాంగర్‌కు వేయడం మంచిది.

చంక మరకలతో, వాసనతో పోతుంటే పాలిస్టర్ మీకు పనికిరాదు. పోగు తెగదు, రంగు పోదు, అయినా మే నెలలో మీరు దాన్ని వేసుకోరు. పాలిస్టర్ తేమను దాదాపు పీల్చదు, నూనె జిడ్డును మాత్రం పట్టుకుంటుంది. ఆ జిడ్డులోనే వాసన ఉంటుంది. ఎండిన షర్టు బాగానే ఉన్నట్టుండి, ఒంటి వేడి తగలగానే వాసన వస్తే అదే గుర్తు. రీసైకిల్డ్ అంటే నాసిరకం అన్న భయం మాత్రం అక్కర్లేదు. సీసాకు వాడే పాలిస్టర్‌లో అణువుల గొలుసులు దారానికి కావలసినదానికంటే పొడవైనవి. కరిగించేటప్పుడు కొన్ని తెగినా దారానికి సరిపోతాయి.

మోచేతుల దగ్గర, బ్యాగు పట్టీ కింద అరిగిపోతుంటే పలచటి కాటన్ వద్దు. బట్టను ట్యూబ్‌లైటుకు అడ్డంగా పట్టుకోండి. వెలుతురు ఒకేలా వస్తే నేత సమానంగా ఉన్నట్టు. పలచటి పట్టీలు కనిపిస్తే అక్కడే ముందు పోతుంది. పొడవు పింజ పత్తి నూలు, పేట బాగా తిరిగినది, తక్కువ నూగు లేస్తుంది. బొటనవేలితో ఒకే చోట ఇరవై సార్లు గట్టిగా రుద్ది చూడండి. అప్పుడే నూగు లేస్తే ఉతుకుల్లో ఉండలు కడుతుంది. కాటన్ మీద ఉండలు రాలిపోతాయి. పాలిస్టర్ నార బలంగా ఉంటుంది కాబట్టి ఊడిపోకుండా అలాగే వేలాడతాయి.

కుట్టు కూడా చూడండి. పక్క కుట్టు మీద ఒక అంగుళంలో కుట్లు లెక్కపెట్టండి. 12 లేదా ఆపైన ఉంటే మంచిది. 8 ఉంటే ఏ బట్టయినా వద్దు. లినెన్‌ను బిగుతుగా తీసుకోకండి, కుట్టు దగ్గర పోగులు జరుగుతాయి.

బిట్ కొని కుట్టించుకునేవాళ్లు కాటన్‌నూ లినెన్‌నూ ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఆ తర్వాతే టైలర్‌కు ఇవ్వండి. లేకపోతే మొదటి ఉతుక్కే చేతులు పొట్టివై షర్టు బీరువా పాలవుతుంది. మిగిలిన ముక్క అడిగి తెచ్చుకోండి. రెండేళ్ల తర్వాత కాలర్ చీలితే కొత్త కాలర్ వేయడానికి అదే ఆధారం. ముక్క లేకపోయినా కాలర్‌ను విప్పి తిరగేసి కుట్టమని పాత టైలర్లను అడగండి, చాలామందికి ఆ పని వచ్చు. చిన్న ఖర్చుతో ఇంకో ఏడాది వస్తుంది.

తరచూ జరిగే పొరపాట్లు

ఒక ట్యాగు మీది లీటర్లను ఇంకో ట్యాగు మీది లీటర్లతో నేరుగా పోల్చడం. ఒకదాంట్లో వాన కలిసి ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. అందులో ఏ నీళ్లు కలిశాయో చెప్పని అంకెను పక్కన పెట్టేయండి.

కాటన్, రీసైకిల్డ్ పాలిస్టర్ కలిపిన బట్టను "రెండు విధాలా మంచిది" అనుకోవడం. అది గట్టిగానే ఉంటుంది, తొందరగా ఆరుతుంది. కాని పాతబడ్డాక ఆ రెండు నారల్ని విడదీసి మళ్లీ వాడటం కష్టం. చాలా ఏళ్లు వేసుకునే యూనిఫాం అయితే సరే, ఒక సీజన్ షర్టుకు వద్దు.

రీసైకిల్డ్ అని ఉంది కదా అని అవసరం లేని షర్టు కొనడం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఫలితం సరిచూసుకోవడం ఎలా?

కొత్త షర్టు లోపలి లేబుల్ మీద కొన్న నెల, సంవత్సరం బట్టల మార్కర్‌తో రాయండి. పది ఉతుకుల తర్వాత మళ్లీ ఆ నాలుగు చోట్లూ చూడండి. చేతి పొడవు టేపుతో కొలవండి. అర అంగుళం లోపు తగ్గితే పర్వాలేదు, అంతకంటే తగ్గితే తర్వాతి షర్టుకు టైలర్ దగ్గర అదనం పెట్టించుకోవాలి. లినెన్ అయితే కాలర్ మడత మీద గోటితో మెల్లగా గీసి, పోగులు తెల్లగా తేలుతున్నాయేమో చూడండి. తేలితే ఇస్త్రీ తీరు వెంటనే మార్చాలి. పాలిస్టర్ అయితే ఉతికి ఆరిన షర్టు చంక భాగాన్ని గోరువెచ్చటి ఇస్త్రీపెట్టెతో ఒకసారి తగిలించి వాసన చూడండి. వాసన వస్తే గోరువెచ్చని నీళ్లు, వంటసోడాలో గంటసేపు నానబెట్టి మళ్లీ ఉతకండి. అప్పటికీ పోకపోతే ఆ షర్టు ఆయుష్షు మీరు అంచనా వేసిన 150 సార్లు కాదు, 30 అని లెక్క సరిదిద్దుకుని, తర్వాతిసారి ఆ గుడ్డ చలికాలానికి మాత్రమే కొనండి.